కన్నం కొలతే గాలి వేగాన్ని నిర్ణయిస్తుంది: ట్రామెల్, ఎయిర్ క్లాసిఫైయర్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. చెత్తను వేరుచేసే కేంద్రాల్లో వరసగా కనిపించే రెండు యంత్రాల గురించి ఈరోజు మాట్లాడతాను. మొదటిది ట్రామెల్. ఒళ్లంతా కన్నాలున్న పొడవాటి ఇనుప పీపాను కాస్త వాలుగా అమర్చి తిప్పుతుంటారు. చిన్న ముక్కలు కన్నాల్లోంచి రాలిపోతాయి, పెద్దవి చివరిదాకా వెళ్లి బయటపడతాయి. రెండోది ఎయిర్ క్లాసిఫైయర్. నిలువు గొట్టంలో కిందినుంచి పైకి గాలి వెళుతుంటే, మధ్యలోంచి చెత్తను లోపలికి వదులుతారు. కాగితం, ప్లాస్టిక్ కవర్లు గాలితో పైకి పోతాయి, రాయి, గాజు, లోహం కిందికి రాలుతాయి. ట్రామెల్ పరిమాణాన్ని బట్టి, క్లాసిఫైయర్ బరువును బట్టి వేరుచేస్తాయని అందరం చెప్పుకుంటాం. ఈ మాటలో మొదటి సగం దాదాపు నిజం, రెండో సగం మాత్రం నిజం కాదు. ఆ తేడా ఏమిటో వివరించడానికే ఈ గంట తీసుకుంటున్నాను.

ఒక సందర్భంతో మొదలుపెడతాను. ఒక కేంద్రంలో తేలిక భాగాన్ని సిమెంటు బట్టీకి ఇంధనంగా అమ్ముతున్నారు. బూడిద ఎక్కువగా ఉందని కొనేవారు లారీలను వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఫ్యాను వేగం తగ్గిస్తే బూడిద తగ్గుతోంది కానీ, తడిసిన అట్టముక్కలన్నీ కింద బరువు భాగంలో పడుతున్నాయి. వేగం పెంచితే అట్ట పైకి వస్తోంది, దాని వెంటే కాలక బూడిదగా మిగిలే ఇసుకా వస్తోంది. నన్ను పిలిచేనాటికి వాళ్లు కొన్ని నెలలుగా ఫ్యానుతోనే కుస్తీ పడుతున్నారు. సరైన వేగం ఏదో ఒకటి ఉండే ఉంటుందనీ, అది తమకు దొరకడం లేదనీ వాళ్ల నమ్మకం. నిజానికి వాళ్ల దగ్గర ఉన్న సరుకుకు సరైన వేగమన్నదే లేదు. అది ఎందుకు లేదో తెలియాలంటే ముందు గాలి వైపు నుంచి చూడాలి.

గాలికి బరువు తెలియదు, సాంద్రత అంతకన్నా తెలియదు. ఒక ముక్కను కదలని గాలిలో వదిలితే కాసేపటికి ఒక స్థిరమైన వేగానికి చేరి అదే వేగంతో పడుతుంది. దాన్ని చరమ వేగం అంటాం. గొట్టంలో గాలి అంతకన్నా వేగంగా పైకి వెళుతుంటే ముక్క పైకి పోతుంది, నెమ్మదిగా వెళుతుంటే కిందికి పడుతుంది. క్లాసిఫైయర్ చేసే తీర్పు మొత్తం ఇంతే.

ఇక ఆ చరమ వేగం దేని మీద ఆధారపడుతుందన్నది అసలు విషయం. రాయి, చెక్క, గాజు పెంకు లాంటి గట్టి ముద్దలకు అది ముక్క పరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చే సంఖ్య వర్గమూలంతో పాటు పెరుగుతుంది. ఆ గుణకారాన్ని గమనించండి. పరిమాణానికీ సాంద్రతకూ అందులో సమానమైన హక్కు ఉంది. రాయి సాంద్రతను ఘనపు మీటరుకు 2500 కిలోలు, చెక్కది 600 కిలోలు అనుకుందాం. వంకరటింకర ముక్కలకు గాలి నిరోధ గుణకం 1 అని తీసుకుని లెక్కగడితే, 5 మిల్లీమీటర్ల రాయి సెకనుకు 11.7 మీటర్ల వేగంతోనూ, 20 మిల్లీమీటర్ల చెక్క 11.4 మీటర్ల వేగంతోనూ పడతాయి. గాలి దృష్టిలో ఆ రెండూ ఒకటే వస్తువు. ఏ ఫ్యానూ, ఏ గొట్టమూ వాటిని విడదీయలేదు.

దీని నుంచి ఒక సూత్రం వస్తుంది. సాంద్రతల నిష్పత్తి ఇక్కడ నాలుగు చిల్లర. క్లాసిఫైయర్‌లోకి వెళ్లే సరుకులో అతి పెద్ద ముక్క అతి చిన్న ముక్కకు నాలుగు రెట్లకు మించకుండా ఉంటే, తీర్పు సాంద్రత చెబుతుంది, అంటే చెక్క అంతా ఒక పక్కకు, రాయి అంతా ఒక పక్కకు పోయే వేగం ఒకటి దొరుకుతుంది. అంతకు మించితే తీర్పులో పరిమాణం చొరబడుతుంది. చిన్న రాళ్లు పెద్ద చెక్కలతో కలిసి ప్రయాణిస్తాయి. కాబట్టి క్లాసిఫైయర్ సాంద్రతను బట్టి పని చేయాలంటే, దానికి ముందున్న జల్లెడ పరిమాణాల పట్టీని ఇరుకు చేసి ఇవ్వాలి. కన్నం కొలత గాలి వేగాన్ని నిర్ణయిస్తుందని నేను అనడంలో అర్థం ఇదే.

కాగితం, కవరు, అట్ట లాంటి రేకుల సంగతి వేరు. ఒక రేకు వెడల్పుగా గాలికి ఎదురు నిలబడితే, దాని పొడవు వెడల్పులతో పని లేదు; చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్నదే లెక్క. 80 గ్రాముల రాత కాగితం సెకనుకు ఒక మీటరు వేగంతో పడుతుంది. 50 మైక్రాన్ల ప్లాస్టిక్ కవరుకు 0.8 మీటర్లు చాలు. చదరపు మీటరుకు 600 గ్రాములుండే అట్టకు 2.9 మీటర్లు కావాలి. అదే అట్ట తన బరువంత నీరు పీల్చుకుంటే 4 మీటర్లు, తడిసి మడతపడితే 5.7 మీటర్లు కావాలి. తడిసిన అట్ట మడతను పైకి లేపేంత గాలి కావాలనుకున్నవారు, చిన్నా పెద్దా హెచ్చుతగ్గులకు కొంత కలుపుకుని, సెకనుకు 7 మీటర్ల దగ్గర ఆగుతారు. ఆ 7 మీటర్ల గాలి 1.8 మిల్లీమీటర్ల దాకా ఉన్న ఇసుకను కూడా ఎత్తుకుపోతుంది. 4 మీటర్లకు తగ్గిస్తే ఎత్తుకుపోయే ఇసుక 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది కానీ, మడత అట్ట అంతా కింద పడుతుంది. ఆ కేంద్రంలో నెలల తరబడి జరిగింది సరిగ్గా ఇదే. ఇసుక అసలు అక్కడికి రాకుండా ఉంటే 7 మీటర్ల గాలి వల్ల నష్టమేమీ ఉండేది కాదు. ఇసుకను ఆపవలసిన చోటు ఫ్యాను కాదు, ట్రామెల్.

ఇప్పుడు ట్రామెల్ దగ్గరికి వెళదాం. వాళ్ల పీపా వ్యాసం 2.5 మీటర్లు. మొదటి 4 మీటర్ల పొడవున 20 మిల్లీమీటర్ల కన్నాలు, తర్వాతి 4 మీటర్లలో 80 మిల్లీమీటర్ల కన్నాలు. 20 కన్నా చిన్నవి మొదట రాలిపోవాలి, 20కీ 80కీ మధ్యవి క్లాసిఫైయర్‌కు వెళ్లాలి, ఆపైవి ఇంకో దారిన పోవాలి. 80ని 20తో భాగిస్తే నాలుగు. కాగితం మీద నేను ఇందాక చెప్పిన సూత్రం అక్షరాలా పాటించినట్టే కనిపిస్తుంది.

ముందు వేగం. పీపా మరీ జోరుగా తిరిగితే చెత్త గోడకు అతుక్కుని పీపాతో పాటు తిరుగుతుంది, ఒక్క ముక్కా రాలదు. ఆ హద్దును కీలక వేగం అంటారు. మీటర్లలో వ్యాసానికి వర్గమూలం కట్టి, దానితో 42.3ను భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 2.5 మీటర్ల పీపాకు అది సుమారు 27 చుట్లు. అందులో సగానికి కాస్త తక్కువగా, అంటే 12 చుట్ల దగ్గర తిప్పితే చెత్త గోడ వెంట పైకెక్కి, అక్కడినుంచి విడిపోయి, ఎగిరి కింద పడుతుంది. మరీ నెమ్మదిగా తిప్పితే కుప్పగా అడుగునే దొర్లుతూ ఉంటుంది. పైపొర కన్నాన్ని చూడనే చూడదు. వాళ్ల పీపా సరిగ్గా 12 దగ్గరే తిరుగుతోంది కాబట్టి వేగం గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

అసలు చెప్పవలసింది అవకాశాల సంఖ్య గురించి. పీపా 5 డిగ్రీలు వాలి ఉంది. ఒక ముక్క సుమారు 1.75 మీటర్ల ఎత్తు నుంచి పడిందనుకుంటే, ఆ వాలు వల్ల ప్రతి పతనంలోనూ 15 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. అంటే 4 మీటర్ల పొడవులో దానికి సుమారు 26 పతనాలు, 26 అవకాశాలు. పడిన ప్రతిసారీ అది కన్నంలోంచి పోతుందన్న హామీ లేదు. పోయే సంభావ్యతను అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది: ముక్క పరిమాణం కన్నంలో ఎంత వంతో చూసి, దాన్ని ఒకటిలోంచి తీసేసి, వర్గం చేసి, రేకులో కన్నాలు ఆక్రమించిన వంతుతో గుణించాలి. రేకులో సగం కన్నాలేనని అనుకుందాం.

20 మిల్లీమీటర్ల కన్నం మీద 10 మిల్లీమీటర్ల ముక్క పడితే ఒక్కో పతనంలో పోయే అవకాశం ఎనిమిదింట ఒకటి. 26 పతనాలయ్యేసరికి నూటికి 97 పోతాయి. అదే 18 మిల్లీమీటర్ల ముక్కకైతే ఒక్కో పతనంలో రెండువందలకు ఒకటి. చివరికి నూటికి 12 మాత్రమే పోతాయి. సగం పోయి సగం మిగిలే పరిమాణం ఎంతా అని వెనక్కి లెక్క వేస్తే 15 మిల్లీమీటర్లు వస్తుంది. కన్నం 20 అయినా జల్లెడ కోత 15 దగ్గర పడుతోందన్నమాట. అలాగే 80 మిల్లీమీటర్ల కన్నాల భాగంలో కోత 62 దగ్గర పడుతుంది. 62ని 15తో భాగిస్తే మళ్లీ ఇంచుమించు నాలుగే వచ్చింది కాబట్టి డిజైన్ చేసినవారి అంచనా నిలబడింది. అయితే అది 26 అవకాశాలు దొరికినప్పటి మాట.

ఇక్కడ చిన్న పక్కమాట. కోతను 15 నుంచి ఇంకాస్త పైకి తేవాలనుకున్నప్పుడు చాలామందికి తోచేది పీపాను పొడిగించడం. ఆ 4 మీటర్లను 8 చేస్తే, ఖర్చు ఇంచుమించు రెట్టింపై, కోత 15.4 నుంచి 16.7కు మాత్రమే జరుగుతుంది. పొడవును ముట్టుకోకుండా 20 మిల్లీమీటర్ల రేకు విప్పి 22 మిల్లీమీటర్ల రేకు బిగిస్తే 17కు వస్తుంది. పొడవు సన్నటి సరుకును పూర్తిగా దించడానికి ఉపయోగపడుతుంది, కోతను జరపడానికి కాదు. ఈ రెండు పనులనూ కలిపేసి పీపా కొలతలు అడిగేవారు నాకు తరచుగా తగులుతుంటారు.

సరే, ఆ కేంద్రంలో ఏం జరిగింది? పీపాను గంటకు 15 టన్నులకని కొన్నారు. నేను వెళ్లినప్పుడు బెల్టు మీద వెళుతున్నది 22 టన్నుల దాకా ఉంది, అదీ ఒకే తీరున కాదు. లోడర్ బకెట్ గుమ్మరించినప్పుడల్లా ఒక కొండ వచ్చి, తర్వాత అర నిమిషం ఖాళీ. పీపాలో చెత్త పొర మందమయ్యేకొద్దీ గోడను తాకేది అడుగుపొర మాత్రమే. మూడింట ఒక వంతు మాత్రమే తాకుతోందనుకుంటే 26 అవకాశాలు 9కి పడిపోతాయి. పీపాను ఆపించి లోపలికి తొంగి చూస్తే, మొదటి భాగంలో గుడ్డపీలికలు, తాళ్లు, టేపు ముక్కలు ఒక కన్నంలోంచి దూరి పక్క కన్నంలోంచి బయటికొచ్చి ముడిపడి ఉన్నాయి. వాటి మీద తడి కవరు, దాని మీద మట్టి పూతలా పేరుకుని ఉన్నాయి. వేలితో పొడిస్తే మట్టి అట్టులా ఊడి వచ్చింది. చూపుకు సగం కన్నాలు మూసుకుపోయాయి.

తొమ్మిది అవకాశాలు, సగం కన్నాలు అని పెట్టి లెక్కగడితే, 20 మిల్లీమీటర్ల జల్లెడ కోత 15 నుంచి 9కి దిగిపోతుంది. రెండో భాగంలో కన్నాలు తెరిచే ఉన్నా అవకాశాలు తగ్గడంతో అక్కడి కోత 49కి దిగుతుంది. నిష్పత్తి నాలుగు దాటి ఐదున్నరకు చేరింది. అంతకన్నా ముఖ్యమైనది ఇసుక. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు మంచి స్థితిలో ఉన్న జల్లెడ మీద మొదటి నాలుగైదు పతనాల్లోనే దాదాపు పూర్తిగా వెళ్లిపోతుంది, 26 అయ్యేసరికి లెక్కకు ఏమీ మిగలదు. ఈ జల్లెడ మీద మాత్రం పదింట ఒక వంతు మిగిలిపోయి ముందుకు సాగుతుంది. తడి కాగితానికి అంటుకుపోయిన మట్టి దీనికి అదనం. దాన్ని ఈ లెక్క పట్టుకోలేదు. క్లాసిఫైయర్‌లో పైకి లేచి ఇంధనంలో బూడిదగా తేలినది ఆ పదో వంతూ, ఆ మట్టీ.

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. క్లాసిఫైయర్‌కు వెళ్లే బెల్టును ఆపి, ఒక మీటరు పొడవున ఉన్న సరుకంతా, అడుగున ఉన్న దుమ్ముతో సహా బ్రష్షుతో ఊడ్చి, గోనెసంచిలోకి ఎత్తాలి. పైపైన గుప్పెడు తీస్తే ఇసుక చేతికి రాదు, అది బెల్టు అడుగున ఉంటుంది. రోజులో వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లు ఇలా తీసి, ఆరబెట్టి, 20 మిల్లీమీటర్ల చేతి జల్లెడ మీద, తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద జల్లించి తూచాలి. కోత 15 దగ్గర పడుతున్న పీపా నుంచి 15కీ 20కీ మధ్యవి కొన్ని రావడం సహజం. 2 మిల్లీమీటర్ల కింద ఇసుక చెప్పుకోదగినంత కనిపిస్తే మాత్రం తప్పు ట్రామెల్‌దేనని, ఫ్యాను జోలికి వెళ్లనవసరం లేదని తేలిపోయినట్టే. మా సంచుల్లో ఇసుక కనిపించింది. మూడు సంచుల్లోనూ కనిపించింది.

చేసిన పనులు కూడా సాదావే. బకెట్ నేరుగా బెల్టు మీద గుమ్మరించకుండా మధ్యలో ఒక తొట్టి పెట్టి, దాని అడుగున నెమ్మదిగా నడిచే బెల్టుతో సరుకును సమంగా వదిలారు. గంటకు 15 టన్నులకు మించనివ్వలేదు. పీపా పైన బయటివైపు నుంచి రుద్దుకుంటూ తిరిగే బ్రష్షు బిగించారు, రోజూ పని ముగిశాక పీలికలు కోసి తీయడానికి ఇద్దరికి అరగంట కేటాయించారు. ఆ తర్వాతే ఫ్యాను వైపు చూశాం.

ఫ్యాను దగ్గర కూడా ఒక కొలత ముందే తేల్చుకోవాలి. గొట్టం ఇరుకు చోట అడ్డకోత వైశాల్యం 0.6 చదరపు మీటర్లు. సెకనుకు 7 మీటర్ల వేగమంటే 4.2 ఘనపు మీటర్ల గాలి, ఘనపు మీటరుకు 1.2 కిలోల చొప్పున గంటకు 18 టన్నుల గాలి. క్లాసిఫైయర్‌లోకి గంటకు 6 టన్నుల సరుకు వస్తే, ఒక కిలో చెత్తకు మూడు కిలోల గాలి ఉన్నట్టు. ఇలాంటి గొట్టాలకు రెండు నుంచి ఏడు కిలోల దాకా ఉండడం మామూలు. అది రెండు కన్నా తగ్గితే ముక్కలు ఒకదానినొకటి తోసుకుంటాయి. పడుతున్న రాళ్లు కాగితాన్ని కిందికి లాక్కుపోతాయి, లేస్తున్న కవరు గుంపు చిన్న రాళ్లను ఒళ్లో వేసుకుని పైకి పోతుంది. లోడర్ కొండ వచ్చినప్పుడు ఇక్కడ నిష్పత్తి ఒకటిన్నరకు పడిపోతోంది. కాబట్టి ట్రామెల్ ముందు పెట్టిన తొట్టి ఒక్కటే రెండు యంత్రాల్నీ బాగుచేసింది. గొట్టాన్ని వెడల్పు చేయాలన్న ఆలోచన అంతకుముందు వాళ్లకు ఉండేది. చేసి ఉంటే అదే ఫ్యానుతో వేగం పడిపోయేది, కొత్త ఫ్యాను కొనవలసి వచ్చేది.

వేగాన్ని ఫ్యాను తెర మీద కనిపించే అంకెతో ఊహించకూడదు. తేలిక భాగం బయటపడే చోట ఉండే తిరుగుడు కవాటం రబ్బరు అంచులు అరిగిపోతే గాలి అడ్డదారిలో లోపలికి చొరబడుతుంది; మోటారు అంతే వేగంతో తిరుగుతున్నా ఇరుకు చోట ఉండవలసిన గాలి ఉండదు. పిటో గొట్టం పెట్టి కొలవాలి. 7 మీటర్ల వేగానికి అది చూపే ఒత్తిడి సుమారు 29 పాస్కల్‌లు, అంటే 3 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. 5 మీటర్లకు 15 పాస్కల్‌లు, ఒకటిన్నర మిల్లీమీటర్లు. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లే కాబట్టి మామూలు నీటి గొట్టం మీద కంటితో చూసి చెప్పడం కుదరదు, వాలుగా పెట్టిన గొట్టమో డిజిటల్ మీటరో కావాలి. గొట్టం మధ్యలో ఒక్కచోట కొలిచి వదిలేయకూడదు. గోడల దగ్గర వేగం తక్కువ ఉంటుంది కాబట్టి అడ్డంగా ఐదారు చోట్ల కొలిచి సగటు తీయాలి. గొట్టాన్ని నిటారుగా కాక జిగ్‌జాగ్‌గా కట్టడానికి ఒక కారణం కూడా ఇదే: ప్రతి మలుపులోనూ గాలి చిందరవందరై, అతుక్కున్న ముక్కలు విడిపోయి, ప్రతి ముక్కా మళ్లీ ఒకసారి తీర్పుకు నిలబడుతుంది.

ఫలితాన్ని చూసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. కాగితం, ప్లాస్టిక్‌లలో ఎంత శాతం పైకి వచ్చిందన్న ఒక్క అంకె అడిగితే ఫ్యానును గరిష్ఠానికి పెట్టి నూటికి నూరూ చూపించవచ్చు, రాళ్లు కూడా వచ్చి ఉంటాయి. రాళ్లలో ఎంత శాతం కిందికి పోయిందన్నది కూడా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఆ కేంద్రంలో జల్లెడ బాగుపడ్డాక గాలిని 7 మీటర్ల దగ్గరే నిలిపారు. అంతకుముందు ఏ వేగాన్నయితే ఇసుక తెస్తోందని వదులుకున్నారో అదే వేగంతో అట్ట పైకి వచ్చింది, ఇసుక రాలేదు, లారీలు వెనక్కి రావడం ఆగింది.

అన్నీ కుదిరాయని చెప్పను. మూతిముడి విప్పని సంచి, లోపల తడి చెత్తతో, ట్రామెల్‌లో ముద్దగా దొర్లి, క్లాసిఫైయర్‌లో రాయిలా కింద పడుతూనే ఉంది. దానికి పీపా మొదట్లో సంచులు చీల్చే మేకులు కావాలి, అవి తర్వాత వెల్డింగ్ చేయించారు. తడిసిన బట్ట, చెప్పు, ఉండ చుట్టిన కవరు కింద పడుతున్నాయి, వాటిని బరువు భాగం బెల్టు మీద చేత్తోనే ఏరుతున్నారు. వానాకాలంలో మట్టి కాగితానికి అంటుకుపోయినప్పుడు కన్నాలెంత శుభ్రంగా ఉన్నా ఇసుక పైకి వస్తుంది. ఆ నెలల్లో గంటకు 15 టన్నులు కాదు, 10 టన్నులే పంపుతున్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.